పదిహేడో నంబరు తరంగాలు

పదిహేడో నంబరు తరంగాల బొమ్మ కావాలని ఆల్ఫా మేడమ్ అడిగినప్పుడు ఆమె వెంటనే సరేనంది. అన్నదేగాని ఫైలు వెంటనే తెరవలేదు.

మెదడు తరంగాలు రికార్డు చేసే ఆ గదిలో ఆమెకిది తొమ్మిదో ఏడు. వచ్చినవాళ్ళ తలకి టోపీ తొడగడం, టోపీ కన్నాల్లోంచి జెల్ ఎక్కించడం, ఒక్కో తీగా సరిగా అంటుకుందో లేదో చూసుకోవడం, మనిషిని కుర్చీలో కుదురుగా కూర్చోబెట్టి మధ్యనున్న గాజు అద్దం ఇవతలికొచ్చి తెర ముందు కూర్చోవడం ఆమె పని. అక్కడందరూ ఆమెని అక్కా అనే పిలుస్తారు. వయసులో పెద్దవాళ్ళు కూడా. పరిశోధన నడిపే పెద్దావిడకి మాత్రం వెనకాల ఆల్ఫా మేడమ్ అని పేరు. ఎవరి తరంగాలు చూసినా ముందు "ఆల్ఫా ఎలా ఉంది?" అని అడుగుతుంది కాబట్టి. పెళ్ళి సంబంధం చూడ్డానికెళ్ళినా అబ్బాయి జీతం అడగదు, ఆల్ఫా అడుగుతుంది అని లెక్కలాయన నవ్వేవాడు. లెక్కలాయనంటే వచ్చిన అంకెలన్నీ సరిచూసి, ఇందులో నిజమెంత, అదృష్టమెంత అని తేల్చే మనిషి.

పరిశోధనలో పాల్గొన్నవాళ్ళకి పేర్లుండవు, నంబర్లే. పేర్ల సంగతి ఆమెకి తెలుసు, ఎందుకంటే టోపీ తొడిగింది ఆమె. మేడమ్‌కి తెలియదు, తెలియకూడదు కూడా. అందుకే మేడమ్ అంత మామూలుగా అడగగలిగింది. పదిహేడో నంబరు ఆమె భర్త. ఆయన పోయి అయిదు నెలలవుతోంది.

పరిశోధన టీ గురించి. కచ్చితంగా చెప్పాలంటే టీ ఆకులో ఉండే థియానిన్ అనే పదార్థం గురించి. టీ తాగితే చురుకూ వస్తుంది, నిమ్మళమూ వస్తుంది. చురుకు కెఫీన్ వల్ల. నిమ్మళంలో కొంత వాటా ఈ థియానిన్‌దని చాలాకాలంగా అనుకుంటున్నారు. అది నిజమా, అయితే ఎంత అన్నది మేడమ్ ప్రశ్న. టీ ఇచ్చి చూస్తే కెఫీన్ అడ్డొస్తుంది. అది ఆల్ఫా తరంగాలని తగ్గిస్తుంది. అందుకని టీ ఇవ్వలేదు. వచ్చినవాళ్ళని ముందురోజు నుంచీ టీ, కాఫీ మానేసి రమ్మన్నారు. ఒక రోజు నీళ్ళలో థియానిన్ కలిపి ఇచ్చారు, వారం ఆగి ఇంకో రోజు అదే రుచి, అదే రంగు ఉన్న ఉత్త నీళ్ళిచ్చారు. ఏ రోజు ఇచ్చింది ఏదన్నది తాగినవాళ్ళకీ తెలియదు, ఇచ్చినవాళ్ళకీ తెలియదు. రెండు రోజుల్లోనూ గ్లాసు తాగక ముందొకసారి, తాగిన ముప్పావుగంటకి ఇంకోసారి కళ్ళు మూయించి తరంగాలు తీశారు. కడుపులోంచి రక్తంలోకి, రక్తంలోంచి మెదడులోకి చేరడానికి దానికి ఆమాత్రం సమయం కావాలి.

మనిషి మెలకువగా ఉండి, కళ్ళు మూసుకుని, ఏ ఆలోచననీ పట్టుకోకుండా ఉన్నప్పుడు తల వెనక భాగంలో సెకనుకి పదిసార్లు అటూ ఇటూగా ఒక తరంగం లేస్తుంది. అదే ఆల్ఫా. కళ్ళు తెరిస్తే అణిగిపోతుంది. లెక్క చెయ్యమంటే తగ్గుతుంది. థియానిన్ తాగినవాళ్ళలో అది కాస్త పెరుగుతుందా అన్నదే వాళ్ళు వెతికింది.

ఇదంతా భర్తకి చెప్పింది ఆమే. కుర్చీలో కూర్చునేవాళ్ళు దొరక్క పని ఆగిపోయిన రోజుల్లో, ఇంట్లోవాళ్ళని తెచ్చుకోవచ్చని అనుమతి వచ్చింది. ఆయన ఎగిరి గంతేశాడు. డ్రైవింగ్ నేర్పే మనిషి. ఊళ్ళో సగంమందికి గేరు మార్చడం ఆయనే నేర్పాడని అత్తగారి నమ్మకం. నేర్చుకునేవాళ్ళ పక్కసీట్లో, తన కాళ్ళ దగ్గర రెండో బ్రేకు పెట్టుకుని రోజంతా తిరిగేవాడు. అందువల్ల ఆయనకేం చెప్పినా బండి భాషలోకి తెచ్చుకుంటేగాని ఎక్కేది కాదు.

మెదడులో కణాలని ఉరికించేది గ్లూటమేట్, వాటిని అణిచేది గాబా, రెండూ సమానంగా నడుస్తుంటేనే మనిషి మనిషిలా ఉంటాడని ఆమె చెప్పింది. "యాక్సిలరేటరూ బ్రేకూ అన్నమాట. మరి నీ థియానిన్ ఏది? నా కాలికిందుండే బ్రేకా?" అన్నాడు. అలా కాదంది ఆమె. థియానిన్ చూడ్డానికి అచ్చు గ్లూటమేట్‌లా ఉంటుంది. ఆ పోలికతోనే గ్లూటమేట్ కూర్చునే చోటికి వెళ్ళి కూర్చుంటుంది, కాకపోతే అక్కడ దాని పట్టు చాలా బలహీనం. గ్లూటమేట్ తయారీకి కావలసిన ముడిసరుకు కణంలోకి వెళ్ళే దారిలో కూడా కొంచెం అడ్డం పడుతుంది. ఎలుకల్లో అయితే గాబా పెరిగిందని కూడా చూశారు. ఆయన కాసేపు ఆలోచించి, "అయితే బ్రేకు కాదు. యాక్సిలరేటర్ కింద ఎవరో చిన్న గుడ్డముక్క కుక్కారు. బండి ఆగదు, దూకుడు తగ్గుతుంది," అన్నాడు. ఇంతకంటే బాగా తను కూడా చెప్పలేననిపించింది ఆమెకి.

ఆ గుడ్డముక్క సంగతి అత్తగారికి చేరేసరికి, తన కోడలు తలలోని కంగారు కొలిచే యంత్రం నడుపుతుందనీ, తన కొడుకు తల అందులో పెడితే టీ గుణం బయటపడుతుందనీ తయారైంది. ఆవిడ ఒక టీకి రెండు టీలు తాగడం మొదలుపెట్టింది. ఒక కప్పులో ఉండేది చాలా తక్కువని, మేం ఇచ్చినంత కావాలంటే పూటకో కెటిలు తాగాలని, తాగితే కెఫీన్‌తో నిద్ర పట్టదని కోడలు చెప్పింది. ఆవిడ వినలేదు. "నువ్వు గ్లాసులో ఇస్తే సైన్సూ, నేను కప్పులో తాగితే చాదస్తమూనా?" అంది.

మొదటిసారి వచ్చిన రోజు ఆయన రికార్డింగ్ అయ్యాక జుట్టంతా జెల్‌తో అట్టలు కట్టి, ముఖం తేటగా బయటికొచ్చాడు. "ఇదే అసలుది. పందెం. ఇంత హాయిగా నేనెప్పుడూ లేను," అన్నాడు. అద్దంలోంచి చూస్తున్నప్పుడు ఆమెకీ అలాగే అనిపించింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ ముఖం అంత వదులుగా ఉండడం ఆమె చూడలేదు. కనుబొమ్మల మధ్య గీత కూడా మాయమైంది. వారం తర్వాత రెండోసారి వచ్చినప్పుడు మామూలుగా ఉన్నాడు, ఇది ఉత్త నీళ్ళేనని తేల్చేశాడు. తర్వాత ఎవరు కనిపించినా తన తల ఒక పుస్తకంలోకి ఎక్కబోతోందని చెప్పేవాడు. "ఇన్నేళ్ళూ ఈ తల ఇంట్లో దేనికీ పనికిరాలేదు, సైన్సుకి పనికొచ్చింది."

ఆ తర్వాత నాలుగు నెలలు తిరక్కుండానే పోయాడు. గుండె కండరం బలహీనపడి గుండె పెద్దదైపోయిందని డాక్టరు చెప్పాడు. చాలాకాలంగా నడుస్తున్న జబ్బట. ముందే తెలిస్తే మందులతో లాక్కురాగలిగేవాళ్ళమేమో అన్నాడు. ఆ "ఏమో" అనే మాట డాక్టరు జాగ్రత్తకొద్దీ వేశాడని ఆమెకి తెలుసు. తను కూడా మనుషులతో అలాగే మాట్లాడుతుంది.

అప్పటి నుంచి అత్తగారు అడుగుతున్నది ఒక్కటే. పుస్తకం ఎప్పుడొస్తుంది, అందులో వాడి తరంగాలు ఉంటాయా అని. పేరు ఉండదత్తయ్యా అంటే, పేరెందుకు, నాకు తెలియదా అనేది. ఇంట్లో ఆయన ఫొటోలున్నాయి. ఫొటోల్లో మనిషి బయట మాత్రమే ఉంటాడని ఆవిడ బాధ.

కిందటి వారం ఎవరు ఏ రోజు ఏది తాగారో విప్పారు. లెక్కలాయన అంకెలు పరిచాడు. మొత్తంమీద థియానిన్ తాగిన రోజున ఆల్ఫా కొద్దిగా పెరిగింది. అందరికంటే తేడా ఎక్కువగా ఉన్నది పదిహేడో నంబరులో. ఉత్త నీళ్ళ రోజున తాగాక ఆల్ఫా బాగా పడిపోయింది, థియానిన్ రోజున లేచింది. రెండిటినీ పక్కపక్కన పెడితే చిన్నపిల్లలకి కూడా అర్థమవుతుంది. అందుకే మేడమ్ ఆ రెండు రోజుల రికార్డింగుల్లోంచి శుభ్రమైన ముక్కలు రెండు ఏరి ఇమ్మంది, పత్రికలో మొదటి బొమ్మగా వేస్తానంది. గాబా పెరిగినందుకే ఇలా జరిగిందని కింద ఒక వాక్యం కూడా రాసుకుంది. తరంగాలు చూసి రసాయనాలు చెప్పకూడదని, అది ఎలుకల మాటని, మనం చూసింది మనుషుల తల పైభాగమేనని లెక్కలాయన అభ్యంతరం చెప్పాడు. ఇద్దరూ కాసేపు వాదించుకున్నారు. వాళ్ళ గొంతులు ఆమెకి ఎక్కడో పక్కింట్లో ఉన్నట్టు వినిపించాయి. ఆమె ఆలోచిస్తున్నది వేరు. ఆయనకి ఉత్త నీళ్ళిచ్చింది ఏ రోజున అన్నది కాగితంలో చూసింది. అది మొదటి రోజు.

అంటే ఆ హాయి థియానిన్‌ది కాదు.

అది పెద్ద విషయం కాదని తనకి తానే చెప్పుకుంది. ఉత్త నీళ్ళు తాగి హాయిగా ఉందనేవాళ్ళు ప్రతి పరిశోధనలోనూ ఉంటారు, అందుకే కదా ఉత్త నీళ్ళిచ్చేది. అయినా మనసు ఒప్పుకోలేదు. అంత హాయిగా ఉన్న మనిషికి ఆల్ఫా పెరగాలిగాని పడిపోవడమేమిటి?

ఆ మధ్యాహ్నం గది ఖాళీ అయ్యాక ఫైలు తెరిచింది. తెరవడానికి ముందు చేతులు కడుక్కుని వచ్చింది, ఎవరికో టోపీ తొడగబోతున్నట్టు.

తెర మీద వరసగా గీతలు. మొదట గ్లాసు తాగక ముందు తీసినవి. కళ్ళు మూసుకోమని తను చెప్పిన చోట గుర్తు పెట్టి ఉంది. ఆ గుర్తు తర్వాత వెనక తీగల్లో ఆల్ఫా లేచింది. అందంగా, ఒద్దికగా, దువ్వెన పళ్ళలా. మనిషికో తీరు ఉంటుంది ఆల్ఫాలో. ఆయనది గుత్తులు గుత్తులుగా వచ్చి, కాస్త సన్నబడి, మళ్ళీ వచ్చేది. నవ్వబోయి ఆపుకుని మళ్ళీ నవ్వేవాళ్ళలా. ఆమె చాలాసేపు అక్కడే ఆగిపోయింది. అయిదు నెలల తర్వాత ఆయన కదులుతుండగా చూడడం అదే మొదలు.

తర్వాత తాగాక తీసిన భాగానికి వచ్చింది. మొదటి నిమిషం బాగానే ఉంది. ఆపైన ఆల్ఫా గుత్తుల మధ్య ఖాళీలు పెరిగాయి. గుత్తులు చిన్నవయ్యాయి. కణతల దగ్గర తీగలు రెండూ ఒకటి పైకి వెళ్తే ఒకటి కిందికి వస్తూ మెల్లగా ఊగుతున్నాయి, ఊయలలా. మూసిన రెప్పల కింద కనుగుడ్లు నిదానంగా అటూ ఇటూ దొర్లితే అలా వస్తుంది. ఆల్ఫా పూర్తిగా పోయింది. దాని బదులు మందంగా, నెమ్మదిగా ఇంకో తరంగం పరుచుకుంది. ఇంకాస్త ముందుకి జరిపితే నడినెత్తి తీగలో నిటారుగా ఒక మొన. మళ్ళీ ఇంకొకటి.

ఈ పని నేర్చుకున్న మొదటి నెలలోనే ఎవరైనా గుర్తుపట్టే సంగతి అది. ఆయన నిద్రపోయాడు.

అది ఉత్త నీళ్ళ వల్ల ఆల్ఫా పడిపోవడం కాదు. మెలకువే లేకపోతే ఆల్ఫా ఎక్కడుంటుంది? రెప్పపాట్లనీ, పళ్ళు కొరికిన గీతలనీ ప్రోగ్రాం తనంతట తను ఏరి పారేస్తుందిగాని నిద్రని పారేయదు. నిద్రని కనిపెట్టాల్సింది తెర ముందు మనిషి. ఆల్ఫా సన్నబడగానే స్పీకర్‌లోంచి పలకరించాలి, కళ్ళు ఒకసారి తెరిచి మూయమనాలి. ఎవరి తలైనా కునికిపాటుకి ముందే పట్టుకుంటుందని ఆమెకి ఆ గదిలో పేరు. ఇన్నేళ్ళలో ఒక్కరినీ నిద్రపోనివ్వలేదు.

ఆ రోజు తెర చూడలేదు. అద్దంలోంచి ఆయన ముఖం చూస్తూ కూర్చుంది.

ఫైలు మూసి, మళ్ళీ తెరిచింది. ఒక ఆలోచన వచ్చింది. మేడమ్ అడిగింది శుభ్రమైన ముక్క. ఏరేది తను. కళ్ళు దొర్లడం మొదలవడానికి కాస్త ముందు, ఆల్ఫా సగం పోయిన చోట ఒక ముక్క తీసుకుంటే ఎవరికీ అనుమానం రాదు. చూసినవాళ్ళకి అది మామూలుగా తక్కువ ఆల్ఫాలాగే ఉంటుంది. రెండో రోజు ముక్క పక్కన పెడితే బొమ్మ కుదురుతుంది. అత్తయ్యకి కావలసింది కూడా అదే. మేడమ్ సంతోషిస్తుంది. ఆయన తల పుస్తకంలోకి ఎక్కుతుంది. అబద్ధం ఒక్కటి కూడా ఎవరి నోటా రానక్కర్లేదు.

ఆ చోటుని వెతికింది కూడా. గీత గీసి, ముక్క విడిగా దాచి, తెర మీద పెట్టుకుని చూసింది. బాగుంది. చూస్తున్నకొద్దీ అది ఎవరిదో తలలా కనిపించసాగింది. నిద్రలోకి జారిపోతున్న మనిషి చెయ్యి పట్టుకుని, ఇంకాస్త ఆగు, ఫొటో తీయించుకుని పడుకో అన్నట్టు ఉంది. ముక్కని చెరిపేసింది.

మర్నాడు పొద్దున్నే మేడమ్ గదికెళ్ళింది. లెక్కలాయన కూడా అక్కడే ఉన్నాడు. పదిహేడో నంబరు ఉత్త నీళ్ళ రోజున నిద్రపోయాడని, కాబట్టి ఆ రోజు పనికిరాదని, ఒక రోజు పోతే రెండో రోజుతో పోల్చడానికి ఏమీ ఉండదు కాబట్టి మనిషినే తీసేయాలని చెప్పింది. చదువుకొచ్చిన పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. తెర తిప్పి కనుగుడ్ల ఊయలా, నడినెత్తి మొనలూ చూపించింది.

మేడమ్ కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. కోపం రాలేదు. వచ్చినా చూపించే మనిషి కాదు. "నువ్వుండగా నిద్రపోయాడా? నువ్వు లేవా ఆ రోజు?" అంది.

"ఉన్నాను మేడమ్."

"మరి?"

"మా ఆయన అది."

లెక్కలాయన ఎదురుగా ఉన్న కాగితాలని అంచులు కలిపి సర్దాడు, మళ్ళీ విడదీశాడు. కాసేపటికి మేడమ్, నంబరు వెనక మనిషి ఎవరో నాకు చెప్పకూడదు కదమ్మా అంది. మందలింపులా మొదలైన మాట చివరికొచ్చేసరికి వేరే ఏదో అయిపోయింది. లేచి వచ్చి ఆమె భుజం మీద చెయ్యి వేసింది, వేసి ఏం చెయ్యాలో తెలియక తీసేసింది.

ఆ వారమంతా మిగిలినవాళ్ళ రికార్డింగులన్నీ నిద్ర కోసం మళ్ళీ వెతికారు. ఏ రోజు ఏది తాగారో తెలియని మనిషి వెతికితేనే న్యాయమని పక్క విభాగం నుంచి ఒకతన్ని పిలిచారు. ఇంకెవరూ నిద్రపోలేదు. పదిహేడో నంబరు లేకుండా లెక్కలాయన మళ్ళీ అంకెలు వేశాడు. థియానిన్ రోజున ఆల్ఫా పెరగడం నిజమే, కానీ అనుకున్నదానికంటే తక్కువ. ఉందంటే ఉంది అన్నంత. గాబా వాక్యాన్ని మేడమ్ తనే కొట్టేసింది. మొదటి బొమ్మ స్థానంలో అందరి సగటూ చూపే రెండు సన్నటి గీతలు వచ్చాయి. వాటిలో ఎవరి ముఖమూ లేదు.

ఎవరూ లేనప్పుడు ఆమె ఆయన రెండో రోజు కూడా చూసింది. ఆ రోజు మెలకువగానే ఉన్నాడు. తాగిన తర్వాత ఆల్ఫా కొంచెం పెరిగింది, అందరిలాగే. గుడ్డముక్క పని చేసే ఉంటుంది. చేసిందని చెప్పడానికి ఇప్పుడు పక్కన పెట్టి చూసే ఇంకో రోజు లేదు. ఒంటరి గీత ఏదీ రుజువు చెయ్యదు.

ఇక అత్తగారికి చెప్పాలి. ఆదివారం దాకా ఆగింది. ఆవిడ వరండాలో కూర్చుని ఉతికిన బట్టలు మడతపెడుతోంది. ఎదురుగా కూర్చుని ఒక దుప్పటి కొస అందుకుంది ఆమె. పుస్తకంలో ఆయన బొమ్మ రాదని చెప్పింది.

"ఎందుకని? వాడి తల బాగాలేదా?"

బాగుందత్తయ్యా, చాలా బాగుంది, కానీ మొదటి రోజు కుర్చీలో నిద్రపోయారు, మెలకువగా ఉన్న తలే మాకు కావాలి అంది. టీ గుణం చూడాలంటే నిద్ర కలవకూడదు. నిద్ర కలిస్తే థియానిన్ చేసిందేదో నిద్ర చేసిందేదో తేలదు. అందుకని పక్కన పెట్టేశాం.

ఆవిడ కోప్పడుతుందనుకుంది. లేదా ఏడుస్తుందనుకుంది. ఆవిడ దుప్పటి మడత మధ్యలో ఆపేసింది.

"నిద్రపోయాడా వాడు?"

"ఊఁ."

"నిజంగా నిద్రే? కళ్ళు మూసుకుని ఊరికే పడుండడం కాదుగా? నీ యంత్రానికి ఆ తేడా తెలుస్తుందా?"

తెలుస్తుందంది. ఎలా తెలుస్తుందో చెప్పమంది ఆవిడ. ఆమె చెప్పింది. ముందు గుత్తులుగా వచ్చే తరంగం పల్చబడుతుంది, కళ్ళు లోపల మెల్లగా దొర్లుతాయి, తర్వాత పెద్ద పెద్ద నెమ్మది తరంగాలు వస్తాయి. దుప్పటి మీద వేలితో గీసి చూపించింది. ఆవిడ ఆ గీత లేని గీతని కళ్ళతో అనుసరించింది. ఎంతసేపు పడుకున్నాడంది. పావుగంట కూడా ఉండదంది ఆమె. కలలొచ్చాయా అంది. అంత లోతుకి వెళ్ళలేదత్తయ్యా అంది.

"నువ్వు లేపలేదు కదా?"

"లేపలేదు."

"మంచిపని చేశావు తల్లీ," అంది ఆవిడ. తర్వాత దుప్పటి ఒళ్ళో పెట్టుకుని, ఎటో చూస్తూ అంది. "కూర్చునే నిద్రపోయాడన్నమాట. అక్కడా కూర్చునే."

ఆమెకి అర్థం కాలేదు. అదేంటత్తయ్యా అంది.

ఆవిడ దుప్పటి అంచు సవరిస్తూ చెప్పింది. ఇంట్లో వాడు పడుకుని నిద్రపోయి చాలా నెలలైందట అప్పటికే. రాత్రిళ్ళు లేచి హాల్లోకొచ్చి కుర్చీలో కూర్చునేవాడట. నీళ్ళకని లేచినప్పుడు ఆవిడ చూసిందట. పడుకుంటే ఊపిరి అందడం లేదమ్మా, కూర్చుంటే బానే ఉంటుంది, గ్యాసేమో అన్నాడట. డాక్టరుకి చూపించుకోరా అంటే చూపించుకుంటానన్నాడట. "నీకు చెప్పొద్దన్నాడు. పొద్దున్నే డ్యూటీకెళ్ళే మనిషి, నిద్ర పాడవుతుందన్నాడు. నేనూ సరేలే అనుకున్నాను. గ్యాసే అనుకున్నాను."

తన పక్కన మంచం ఖాళీగా ఉండడం ఆమె చూసిన రాత్రులున్నాయి. మ్యాచ్ చూస్తున్నాడనుకుని అటు తిరిగి పడుకుంది.

పడుకుంటే ఊపిరాడకపోవడం, కూర్చుంటే తగ్గడం, పగలు కూర్చున్నచోటే కునికిపాట్లు పడడం. మూడూ ఒకచోట చేరితే అది గుండె జబ్బని చెప్పడానికి గుండె డాక్టరే అక్కర్లేదు. ఆ గదిలో పనిచేసే ఎవరైనా చెబుతారు. కుర్చీలో కూర్చోబెట్టేముందు తను అందరినీ అడుగుతుంది, రాత్రి సరిగా నిద్రపోయారా అని. ఆయన్నీ అడిగింది. ఆయన పోయానన్నాడు. పొద్దున పదకొండింటికి, రాత్రంతా నిద్రపోయానన్న మనిషి, తల మీద తడి టోపీతో, గట్టి కుర్చీలో రెండు నిమిషాలు తిరక్కుండా నిద్రలోకి జారాడు. ఆ గీతలు అప్పుడే తెర మీద నడుస్తున్నాయి. సంగతిలో సగం తన తెర మీద ఉంది, మిగతా సగం ఈవిడ దగ్గర ఉంది. మధ్యలో ఆయన ఉన్నాడు, ఇద్దరికీ నిద్ర పాడవకూడదని.

అత్తగారు ఆమె ముఖం చూసింది. "ఏమ్మా? అది గ్యాసు కాదా?"

ఆవిడ కళ్ళలో ఉన్నది ప్రశ్న ఒక్కటే కాదు. ఆ ప్రశ్నకి జవాబు చెబితే ఆవిడ దాన్ని ఎక్కడ పెట్టుకోవాలి? ఆయన గుండె గురించి డాక్టరు చెప్పినప్పుడు ఆవిడ వినిపించుకునే స్థితిలో లేదు. అన్ని నెలలూ రాత్రిపూట కొడుకుని కుర్చీలో చూసి మళ్ళీ వెళ్ళి పడుకున్న తల్లి ఆవిడ. వాడి నిద్ర ఒక్కసారైనా తీరిందని ఇప్పుడే తెలిసి, లేపనందుకు కోడల్ని మెచ్చుకున్న తల్లి.

తన గదిలో అయితే ఆమె ఎప్పుడూ ఉన్నది ఉన్నట్టే చెప్పింది. నిన్నగాక మొన్న కూడా చెప్పింది.

"గ్యాసు వల్ల కూడా అలా ఉంటుందత్తయ్యా," అంది.

ఆవిడ తల ఊపింది. దుప్పటి రెండో కొస ఇటు అందించింది. ఇద్దరూ చెరోవైపు పట్టుకుని, దులిపి, మళ్ళీ మొదటి నుంచి మడత పెట్టడం మొదలుపెట్టారు.